జాతీయాల ప్రశ్నలో ఆప్షన్ల కంటే ముందు వాక్యం

టెట్, డీఎస్సీలాంటి పరీక్షల్లో 'నీళ్లు నమలడం' అంటే ఏమిటని అడిగితే 'నీళ్లు తాగడం' అన్న ఆప్షన్‌ని ఎవరూ పెట్టరు. అసలు ఉచ్చు 'వృథా ప్రయాస'. నీళ్లని నమలలేం కాబట్టి అది సరైనదే అనిపిస్తుంది. అందుకే ఆప్షన్లు చూడకముందే, ఆ మాట ఇంట్లో వినిపించే వాక్యాన్ని గుర్తు తెచ్చుకోండి: "డబ్బులేం చేశావురా అంటే నీళ్లు నములుతున్నాడు." ఇప్పుడు ఒక్కో ఆప్షన్‌నీ అందులో పెట్టి చదవండి. 'వృథా ప్రయాస పడుతున్నాడు' అతకదు. 'చెప్పలేక తటపటాయిస్తున్నాడు' చక్కగా అతుకుతుంది.

'మంగళం పాడటం' ఇంకో రకం. మాట శుభంగా ఉండటంతో చాలామంది 'ప్రారంభించడం' అని పెట్టేస్తారు. పూజ, హరికథ ముగిసేటప్పుడే మంగళం పాడతారు కాబట్టి వాడుకలో దానికి ఆపేయడం, వదిలేయడం అనే అర్థం స్థిరపడింది. ప్రశ్నలో వాక్యం ఇస్తే 'కి' విభక్తిని గమనించండి. 'పథకానికి మంగళం పాడారు' జాతీయం. 'హరికథ చివర మంగళం పాడారు' మాత్రం నిజంగా పాడటమే.