ఒడియా వీడియోకి తెలుగు సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు కావాలా? మెసేజ్ ఇలా పెట్టండి

"ఒడియా, తెలుగు వచ్చినవాళ్లు కావాలి, మంచి రేటు ఇస్తాం" అని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి చూడండి, సాయంత్రం దాకా ఫోన్ మోగుతూనే ఉంటుంది. మన వైపు రెండూ మాట్లాడేవాళ్లకు కొదవేముంది? కానీ ఒడియా మీడియంలో చదివినవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే తడబడతారు. తెలుగు మీడియంవాళ్లకు ఒడియా వింటే అర్థమవుతుంది, లిపి చదవడం రాదు. ఎవరు కావాలో మెసేజ్‌లోనే తేల్చకపోతే తర్వాత వారం రోజులు ఫోన్లోనే గడిచిపోతుంది.

ఒక పని అనుకుందాం. రాయగడ జిల్లా రైతుల మీద తీసిన వీడియో, నిడివి 23 నిమిషాల 40 సెకన్లు. పాతపట్నం, టెక్కలి వైపు రైతులకు చూపించాలి. మాటలు ఒడియా, మధ్యలో 3 నిమిషాలు మాత్రం ఒక పెద్దావిడ అక్కడి కోంధుల భాష కువిలో మాట్లాడుతుంది.

1. ఏ భాష నుంచి ఏ భాషలోకి

"ఒడియా–తెలుగు" అని గీత పెట్టి వదిలేయకండి. "ఒడియా మాట విని తెలుగులో రాయాలి" అని దిశ చెప్పండి. కువి భాగానికి ఒడియాలో రాసిన ప్రతి మీరే ఇస్తున్నారంటే ఒడియా లిపి చదవగలగాలి, అది కూడా రాయండి. తెలుగు ఎవరి కోసమో ఒక ముక్క చెప్పండి: శ్రీకాకుళం రైతుకి రాగులను "చోళ్లు" అంటే చాలు.

2. నిమిషం అంటే ఏ నిమిషం

గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. రాసేవాళ్లు పని చేసిన నిమిషాలు అనుకుంటారు, ఇచ్చేవాళ్లు మాటలున్న నిమిషాలే లెక్కేస్తారు. వీడియో మొత్తం నిడివికి, పాటలూ మౌనాలూ కలిపి, అని స్పష్టంగా పెట్టండి. 30 సెకన్లు దాటితే పై నిమిషం. అంటే మన వీడియో 24 నిమిషాలు. నిమిషానికి 150 రూపాయలనుకుంటే 3,600. ఆ రేటులో ఏమేం ఉన్నాయో కూడా చెప్పాలి. అనువాదం ఒక్కటే వేరు, ప్రతి వరుస ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవాలో టైమింగ్ కూడా పెట్టడం వేరు. రెండోది పని బాగా పెంచుతుంది, అనువాదం ఒక్కదానికిచ్చే రేటుకే రెండూ అడగడం నాకు న్యాయంగా అనిపించదు. పైన అనుకున్న 150 రెండూ కలిపి.

3. శాంపిల్ టెస్ట్

రెండు నిమిషాలు చాలు. అంతకు మించి అడిగితే ఊరికే పని చేయించుకోవడమే. అందరికీ ఒకే ముక్క ఇవ్వండి, మొదట్లో మ్యూజిక్ వచ్చే భాగం మాత్రం వద్దు. ఇద్దరు ఒకరి మీద ఒకరు మాట్లాడే చోటో, లెక్కలు వచ్చే చోటో ఎంచుకోండి.

మన వీడియోలో ఒక రైతు తనకు పది గుంటలుందంటాడు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణలో 40. "పది గుంటలు" అని అలాగే దించేస్తే తెలంగాణ మనిషి పావెకరం అనుకుంటాడు, శ్రీకాకుళం రైతుకి సెంట్లలో చెబితే తప్ప అందదు. తెలిసినవాళ్లు .srt అనే సబ్‌టైటిల్ ఫైల్‌లో ఇలా రాస్తారు:

```
7
00:00:31,200 --> 00:00:34,800
మాకున్నది నలభై సెంట్లు.
అందులోనే చోళ్లు వేశాం.
```

4. మెసేజ్

> నమస్కారమండి. 23 నిమిషాల 40 సెకన్ల వ్యవసాయ వీడియోకి ఒడియా మాట విని తెలుగు సబ్‌టైటిల్స్ రాసేవారు కావాలి. చూసేది శ్రీకాకుళం జిల్లా రైతులు. 3 నిమిషాలు కువి ఉంది, దాని ఒడియా ప్రతి మేమిస్తాం, కాబట్టి ఒడియా చదవడం రావాలి.
> రేటు: వీడియో నిడివికి నిమిషానికి ₹150, మొత్తం 24 నిమిషాలకు ₹3,600. అనువాదం, టైమింగ్, ఒక విడత దిద్దుబాట్లు ఇందులోనే.
> ఇవ్వాల్సింది: .srt ఫైల్, UTF-8లో. ఒక్కో సబ్‌టైటిల్ రెండు వరుసలకు మించకూడదు.
> టెస్ట్: ముందుగా ఎంచుకున్న ముగ్గురికి 2 నిమిషాల ముక్క పంపుతాం, మూడు రోజులు గడువు. ఎంపికైనా కాకపోయినా ₹300 ఇస్తాం.
> పూర్తి పనికి పది రోజులు. ఫైల్ అందాక వారంలో డబ్బు.
> ఫోన్ వద్దండి. ఇంతకు ముందు చేసిన పని ఒకటి జోడించి, ఏ మీడియంలో చదివారో రాసి మెసేజ్ పెట్టండి.

5. వచ్చిన టెస్ట్ చూడటం

ఫైల్ తెరవగానే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే UTF-8లో సేవ్ చేయలేదని. ఆ ఫైల్‌లోంచి తెలుగు తిరిగి రాదు, మళ్లీ సేవ్ చేసి పంపమనండి. మనిషిని కాదనడానికి అదొక్కటే కారణం కాకూడదు.

తర్వాత వీడియోకి జోడించి శబ్దం తీసేసి చూడండి. వరుస చదవడం పూర్తి కాకముందే మాయమైపోతుంటే, మాటకు మాట దించేశారన్నమాట. ఆ తర్వాత శబ్దం పెట్టి, ఒడియా బాగా వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోసారి చూడండి. గుంటల దగ్గర తప్పినవాళ్లకు ఎందుకు తప్పో చెప్పి ఒక అవకాశం ఇవ్వొచ్చు. "ఇక్కడ గుంట అంటే ఎంతండీ?" అని టెస్ట్ మధ్యలో అడిగినవాళ్లుంటే, నేనైతే పని వాళ్లకే ఇస్తాను.