ప్రెస్ మాన్యువళ్ల అనువాదం – మూడో పాఠం: హెచ్చరిక పైన ఉండే మాట

గత పాఠంలో, లోహపు రేకును డైల మధ్య నొక్కి ఆకారమిచ్చే ప్రెస్ యంత్రం భాగాల పేర్లు స్థిరపరచుకున్నాము. ఈసారి హెచ్చరిక పెట్టె పైన పెద్ద అక్షరాలతో ఉండే మాటను చూద్దాము. అమెరికా ప్రమాణమైన ఆన్సీ జడ్ 535ను అనుసరించే మాన్యువళ్లలో, ఆపదను తప్పించకపోతే మరణమో తీవ్ర గాయమో తప్పదన్నచోట డేంజర్, అలా జరిగే అవకాశం ఉందన్నచోట వార్నింగ్, చిన్న లేదా మధ్యరకం గాయం కావచ్చన్నచోట కాషన్ అని రాస్తారు.

వీటిని ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త అని మార్చడం అలవాటు. ఇందులో ఒక చిక్కు ఉంది. ‘హెచ్చరిక’ మనకు ఏ బోర్డు మీదైనా కనిపించే చప్పని మాట, ‘జాగ్రత్త!’ అన్నది పక్కవాడు కేక వేసే మాట. అందుచేత గాజులమండ్యం పారిశ్రామికవాడలోని హెల్పరు మూడోదాన్ని రెండోదానికంటే పెద్దదిగా తీసుకోవచ్చు. నేనైతే ‘ప్రాణాపాయం’, ‘తీవ్ర హెచ్చరిక’, ‘గాయం కావచ్చు’ అని రాసి, మాన్యువల్ చివరిదాకా వాటినే వాడతాను. ఎరుపు, నారింజ, పసుపు రంగులు మూలంలో ఉన్నా, షాపులో గోడకు అంటించేది తరచుగా నలుపు తెలుపు జెరాక్సు కాపీయే కాబట్టి తేడాను మాటే మోయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాము. డై మార్చేటప్పుడు, పైడైను మోస్తూ పైకీ కిందికీ కదిలే స్లైడు అనుకోకుండా కిందికి దిగవచ్చు, చేతులు నలిగి తీవ్ర గాయం కావచ్చు అనే వార్నింగు ఉందనుకోండి. మొదటి ప్రయత్నంలో చాలామంది ఇలా రాస్తారు: ‘మోటారు ఆపి, ఫ్లైవీల్ ఆగిన తరువాత సేఫ్టీ బ్లాకు పెట్టకుండా డై మధ్యకు చేయి పెట్టవద్దు.’ వ్యాకరణం సరిగానే ఉంది, కానీ వద్దన్న మాట చివరికి పోయింది. మూడు పనుల క్రమం ఒకే వాక్యంలో కలిసిపోయింది. ఆ క్రమమే ఇక్కడ ముఖ్యం. సేఫ్టీ బ్లాకు ఉన్నది స్లైడు, పైడైల బరువును ఆపడానికే గాని, నడుస్తున్న ప్రెస్ బలాన్ని ఆపడానికి కాదు. మోటారు ఆపినా ఫ్లైవీల్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ శక్తితోనే స్ట్రోకు పడగలదు. అందుకే ఇలా విడగొట్టండి:

తీవ్ర హెచ్చరిక
డై మధ్యకు చేయి పెట్టవద్దు. స్లైడు దిగితే చేయి నలిగిపోవచ్చు.
ముందు మోటారు ఆపి, మెయిన్ స్విచ్‌కు తాళం వేయండి.
ఫ్లైవీల్ పూర్తిగా ఆగేదాకా ఆగండి.
తరువాత సేఫ్టీ బ్లాకు పెట్టండి.
ఆ తరువాతే డై దగ్గర పని మొదలుపెట్టండి.

‘నలిగిపోవచ్చు’లోని ‘వచ్చు’ను ‘నలిగిపోతుంది’ అని పెంచకండి, అలా చేస్తే వార్నింగు డేంజరుగా మారుతుంది. మరోచోట గార్డు దానంతటదే ఊడవచ్చు అనే అర్థానికి ‘గార్డు తీయవచ్చు’ అని రాస్తే అదే ‘వచ్చు’ అనుమతిగా చదవబడుతుంది. అక్కడ ‘ఊడిపోయే అవకాశం ఉంది’ వంటి రూపం వాడాలి.

పరీక్షించేటప్పుడు ‘అర్థమైందా అన్నా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. కాగితం చదివించి, మొదట ఏ పని చేస్తారో చేతులతో చూపమనండి. నేరుగా బ్లాకు దగ్గరికి వెళితే అనువాదం ఇంకా కుదరలేదు.

అభ్యాసం: డై అంచు పదునుగా ఉండి వేలు తెగవచ్చనే కాషన్‌ను రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో రెండు చేతుల బటన్ల సూచనలు చూద్దాము.