పైన బొగ్గు, లోపల పచ్చి పిండి: అమెరికా రెసిపీ మన ఓవెన్‌లో ఎక్కడ తప్పుతుంది?

పోయిన మామిడి సీజన్‌లో మా అక్క కొడుకు తిరుపతిలో కొత్తగా ఓటీజీ కొన్నాడు. ఇంట్లో తోతాపురి కాయలు గంపెడు ఉన్నాయని మామిడి కేకుతో మొదలుపెట్టాడు. రెసిపీ అమెరికా వాళ్లది. మైదా 1¾ కప్పులు, చక్కెర ¾ కప్పు, బటర్ ఒక స్టిక్, మామిడి గుజ్జు 1 కప్పు, గుడ్లు 2, బేకింగ్ సోడా 1 tsp. లోఫ్ టిన్నులో పోసి 350 దగ్గర 55 నిమిషాలు. ఇంతే.

ఇరవై నిమిషాలకే ఫోన్ వచ్చింది. "చిన్నమ్మా, పైన బొగ్గయిపోయింది. పుల్ల గుచ్చితే లోపల పిండి పిండిగానే ఉంది."

"ఎంతలో పెట్టినావురా?"

"350 అన్నారు చిన్నమ్మా. మన దాంట్లో 250 దాకానే ఉంది. సరేలే అని మొత్తం తిప్పేసినా."

ఆ తర్వాత వాడు ఇంకో రెండుసార్లు చేశాడు. ఒక్కోసారి ఒక్కో రోగం. కొత్తగా బేకింగ్ మొదలుపెట్టిన వాళ్లందరికీ దాదాపు ఇవే వస్తాయి కాబట్టి, ఏ లక్షణం కనిపిస్తే తప్పు ఎక్కడుందో ఆ వరుసలోనే చెప్తాను.

లక్షణం: పైన మాడింది, లోపల ఉడకలేదు

కారణం డిగ్రీలు. అమెరికా రెసిపీలో 350 అంటే ఫారన్‌హీట్. మన ఓటీజీ నాబ్ మీద ఉండేవి సెల్సియస్. వాడు తిప్పిన 250 సెల్సియస్ అంటే ఫారన్‌హీట్‌లో 482. అంత వేడిలో పైపొర నిమిషాల్లో గట్టిపడి నల్లబడుతుంది. లోపలికి వేడి చేరడానికి మాత్రం దాని టైము దానికి కావాలి.

లెక్క ఇది:

```
°C = (°F − 32) × 5 ÷ 9
```

350 లోంచి 32 తీస్తే 318. ఐదుతో హెచ్చిస్తే 1590. తొమ్మిదితో భాగిస్తే 176.7. నాబ్ మీద అంత సన్నటి గీతలు ఉండవు కాబట్టి 175 దగ్గర పెడితే చాలు.

ప్రతిసారీ లెక్క వేయడం విసుగనిపిస్తే నేను చేసే పని చెప్తాను: ఫారన్‌హీట్‌ను సగం చేయండి. 320లో సగం 160, అది కచ్చితంగా సరిపోతుంది. 350లో సగం 175, అసలు లెక్కకు రెండు డిగ్రీలే తేడా. 400 దాటితే సగానికి ఐదు కలపండి: 400కి 205, 425కి 217. కేకులు, బిస్కెట్లు చాలావరకు 325 నుంచి 425 మధ్యలోనే కాలుతాయి కాబట్టి ఈ సగం లెక్క చాలు. బాగా తక్కువ వేడికి మాత్రం పనికిరాదు. 200 ఫారన్‌హీట్ అంటే 93 డిగ్రీలే, వంద కాదు.

రెసిపీలో F అనో C అనో రాయకుండా వదిలేస్తే? 250 దాటిన అంకె ఇంటి ఓవెన్‌కు సెల్సియస్ అయ్యే అవకాశం లేదనుకోవచ్చు. 180 దగ్గర కేకు కాల్చమంటే అది సెల్సియసే. 200 లాంటి అంకె దగ్గరే అనుమానం. అప్పుడు టైము చూడండి. పావుగంటలో బిస్కెట్లు తీయమంటే సెల్సియస్, రెండు మూడు గంటలు ఆరబెట్టమంటే ఫారన్‌హీట్. ఇంకొక మాట, నిమిషాలను మార్చే పని లేదు. 55 నిమిషాలు ఎక్కడైనా 55 నిమిషాలే.

ఇక్కడే ఇంకో గుంట ఉంది, లెక్క బాగా వచ్చిన వాళ్లు కూడా పడేది. ఫ్యాన్ ఉన్న ఓవెనైతే 25 డిగ్రీలు తగ్గించమని రెసిపీ చివర రాస్తారు. మావాడు ఆ 25ను కూడా పై లెక్కలో వేశాడు. మైనస్ 4 వచ్చింది! "ఇదేంది చిన్నమ్మా, ఫ్రిజ్‌లో పెట్టమంటారా?" అని అడిగాడు. అది ఉష్ణోగ్రత కాదు, తేడా. తేడాకు 32 తీయకూడదు, 5 ÷ 9 మాత్రం వేయాలి. 25కి 14 వస్తుంది. మనం 15 అనుకుంటే సరి. అంటే ఫ్యాన్ వేస్తే 175 బదులు 160.

లక్షణం: డిగ్రీలు సరిగ్గా పెట్టినా మాడుతోంది, లేదా గంటైనా తెల్లగానే ఉంది

అప్పుడు నాబ్‌ను అనుమానించండి. చిన్న ఓటీజీల్లో నాబ్ చూపించే అంకెకు, లోపలి వేడికి పదీ ఇరవై డిగ్రీల తేడా రావడం మామూలే. లోపల పెట్టే థర్మామీటర్ ఉంటే చిటికెలో తేలిపోతుంది. లేకపోతే చక్కెరతో చూడొచ్చు. చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గిన్నెలో ఒక స్పూను చక్కెర పలచగా పరిచి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో 175 దగ్గర పావుగంట ఉంచండి. పలుకులు పలుకులుగానే ఉండాలి. కరిగిపోయిందంటే మీ ఓవెన్ చెప్పినదానికంటే వేడిగా ఉంది. ఇప్పుడు 190కి పెంచి ఇంకో పావుగంట ఉంచండి. అప్పటికీ కరగకపోతే చెప్పినదానికంటే చల్లగా ఉన్నట్టు. ఇది మోటు పరీక్షే, ఎన్ని డిగ్రీల తేడా అన్నది చెప్పదు. ఎటువైపు తప్పుతోందో మాత్రం చెబుతుంది.

పైన రాడ్డుకు టిన్ను దగ్గరగా ఉన్నా మాడుతుంది. లోఫ్ టిన్నును కింది వరుసలో పెట్టండి.

లక్షణం: కేకు పొంగి పగిలింది, కోస్తే పొడిపొడిగా రాలుతోంది

రెండోసారి వాడు 175 దగ్గరే పెట్టాడు. రంగు చక్కగా వచ్చింది. తింటే మాత్రం గొంతు పట్టేసింది. దీనికి ఓవెన్‌తో సంబంధం లేదు, కప్పుతో ఉంది.

"ఏ కప్పుతో కొలిచినావు?" అంటే, నీళ్లు తాగే స్టీలు గ్లాసు చూపించాడు. దాన్ని కాటా మీద పెట్టి, సున్నా చేసి, నిండా నీళ్లు పోశాం. 310 గ్రాములు చూపించింది. నీళ్లు ఒక మిల్లీలీటరు ఒక గ్రాము కాబట్టి ఆ గ్లాసు 310 మిల్లీలీటర్లది. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన బజార్లో దొరికే కొలత కప్పుల సెట్లు కొన్ని 240వి, కొన్ని 250వి. ఆ పది మిల్లీలీటర్ల తేడాతో కేకు చెడిపోదు. డెబ్బైతో చెడిపోతుంది.

"అన్నీ అదే గ్లాసుతో కొలిచినా కదా, అన్నీ ఒకే లెక్కన పెరిగుంటాయి" అన్నాడు. మంచి ప్రశ్నే. అన్నీ గ్లాసుతో కొలిచి ఉంటే నిజంగానే కేకు పెద్దదయ్యేదే తప్ప చెడేది కాదు. కానీ గుడ్లు లెక్కపెట్టి వేశాడు, బటర్ ప్యాకెట్ చూసి వేశాడు, సోడా స్పూనుతో వేశాడు. అవి పెరగలేదు. మైదా, చక్కెర, గుజ్జు మాత్రం పెరిగాయి.

అదొక్కటే కాదు. మైదా డబ్బాలోకి గ్లాసు ముంచి, కుదించి, గోపురంగా లాగాడు. మన పెద్దవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, పడి బియ్యం బరువూ పడి బొరుగుల బరువూ ఒకటి కాదు. మైదాలో ఇంకో చిక్కు ఏమంటే, అదే కప్పు, అదే మైదా అయినా బరువు మారుతుంది. వాడి ముందే చేసి చూపించాను. మైదాను ముందు గరిటెతో కదిపి, స్పూనుతో కప్పులోకి వదిలి, చాకు వెనకవైపుతో పైన గీసేస్తే 120 గ్రాములు. అదే కప్పును డబ్బాలో ముంచి తీసి గీసేస్తే 145. ఇక తట్టి కుదిస్తే ఇంకా ఎక్కుతుంది.

ఇప్పుడు వాడి కేకు లెక్క చూద్దాం. రెసిపీ అడిగింది 1¾ కప్పులు, అంటే 210 గ్రాములు. వాడు పోసింది 1¾ గ్లాసులు, కప్పుల్లో చెప్తే రెండుంపావు. ముంచి తీసిన లెక్కన కప్పుకు 145 చొప్పున దగ్గరదగ్గర 325 గ్రాములు. ఒకటిన్నర రెట్లు మైదా పడితే కేకు ఎండిపోక ఏం చేస్తుంది?

పరిష్కారం ఒక చిన్న కాటా. కప్పును ఒకేసారి గ్రాముల్లోకి మార్చి రెసిపీ పక్కన రాసుకుంటే మళ్లీ కప్పుతో పనే ఉండదు. ఈ కేకుకు మేం రాసుకున్నది ఇది: మైదా 210, చక్కెర 150 (కప్పు చక్కెర 200 గ్రాములు), బటర్ 113, గుజ్జు సుమారు 250 గ్రాములు. బటర్ దగ్గర "స్టిక్" అన్న మాట మనకు కొత్త. అమెరికాలో బటర్ కడ్డీలుగా వస్తుంది, ఒక్కో కడ్డీ అర కప్పు, 113 గ్రాములు. మన 100 గ్రాముల ప్యాకెట్ దానికి కొంచెం తక్కువ. ఆ పదమూడు గ్రాములు ఇంకో ప్యాకెట్‌లోంచి కోసుకోవాలి.

బ్రౌన్ షుగర్ అడిగిన రెసిపీల్లో మన బెల్లం పొడి వాడితే కప్పుతో అసలు కొలవొద్దు. వాళ్లు బ్రౌన్ షుగర్‌ను కప్పులో నొక్కి నింపుతారు, కప్పుకు సుమారు 215 గ్రాములు. వదులుగా పోసిన బెల్లం పొడి అంత తూగదు.

ఔన్సుల గురించి ఒక్క ముక్క: oz అంటే బరువు, 28 గ్రాములు. fl oz అంటే ద్రవం కొలత, 30 మిల్లీలీటర్లు. చాక్లెట్‌కు మొదటిది, పాలకు రెండోది.

లక్షణం: బటర్, చక్కెర గిలక్కొడితే నురుగు రాకుండా నూనెలా జారుతోంది

రూమ్ టెంపరేచర్ బటర్ అని రాసిన వాళ్ల రూము 68 నుంచి 70 ఫారన్‌హీట్, అంటే 20, 21 డిగ్రీలు. మే నెలలో తిరుపతి వంటింట్లో ఆ మాటకు అర్థమే లేదు. ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి, వేలితో నొక్కితే గుంట పడి ముక్క ఆకారం చెడకుండా ఉండే స్థితిలోనే గిలక్కొట్టాలి. మా ఇంట్లో అది పది నిమిషాల్లోనే వచ్చేస్తుంది.

లక్షణం: కేకు ముదురు గోధుమ రంగు, నోట్లో సబ్బు రుచి

మూడోసారి మైదా సరిపోయింది, వేడి సరిపోయింది. తిని మొహం చిట్లించుకున్నాం. `tsp` అంటే టీస్పూను, 5 మిల్లీలీటర్లు. `tbsp` అంటే టేబుల్‌స్పూను, 15 మిల్లీలీటర్లు. ఒక్క అక్షరం మారితే మూడు రెట్లు. వాడు 1 tsp సోడా బదులు అన్నం వడ్డించుకునే పెద్ద స్పూనుతో వేశాడు. ఎక్కువైన సోడాను విరవడానికి గుజ్జులోని పులుపు చాలదు. మిగిలిన సోడాయే ఆ సబ్బు రుచి, ఆ ముదురు రంగు. ఇంటి స్పూన్లు ఏవీ ఒక కొలతలో ఉండవు కాబట్టి సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు వరకైనా కొలత స్పూన్ల సెట్టు కావాలి, అదీ పైన చదునుగా గీసి. ఇంత చిన్న బరువుల దగ్గర మామూలు వంటింటి కాటాను నేను నమ్మను. ఐదు గ్రాములలోపు అది తడబడుతుంది.

ఆస్ట్రేలియా రెసిపీ అయితే టేబుల్‌స్పూను 20 మిల్లీలీటర్లు, కప్పు 250. అక్కడివాళ్లు ఓవెన్‌కు సెల్సియసే రాస్తారు కాబట్టి, 180 అని కనిపించి కప్పుల్లో కొలతలు ఉంటే ఒకసారి ఇది గుర్తు చేసుకోండి.

నాలుగోసారి వాడు ఫోన్ చేయలేదు. ఫోటో పంపాడు: సగం తినేసిన కేకు, పక్కన "మై 210, చ 150, బ 113, గు 250, 175 డిగ్రీలు, చిన్న స్పూను!!" అని బాల్‌పెన్నుతో రాసిన కాగితం.