జర్మనీ మెషీన్‌కి ఆర్డర్ పెట్టే ముందు

మార్చిలోపు మెషీన్ దించుకోవాలని అంబత్తూరులో మనవాళ్లు చాలామంది హడావిడిగా ఉన్నారు. అడ్వాన్స్ కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ప్రొఫార్మా ఇన్వాయిస్ వెనక చిన్న అక్షరాల్లో ‘జర్మన్ చట్టం వర్తిస్తుంది’ అని ఉందా? ఉంటే 1980 నాటి ఐక్యరాజ్యసమితి అమ్మకాల ఒప్పందం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, ఎందుకంటే అది జర్మన్ చట్టంలో భాగం. ‘భారత్ అందులో చేరలేదుగా, మనకేంటి’ అనుకోవడమే అసలు ప్రమాదం. ఏ చట్టమో రాయకపోయినా జర్మన్ కోర్టు మామూలుగా అమ్మేవాడి దేశపు చట్టాన్నే చూస్తుంది, అంటే మళ్లీ ఇదే. వద్దనుకుంటే ‘ఆ ఒప్పందం వర్తించదు’ అని విడిగా రాయించాలి. ఆరో అధికరణం అందుకు ఒప్పుకుంటుంది.

• ఆర్డర్ ఏ ఆఫీసు పేరు మీద వెళ్తోంది? సింగపూర్ బ్రాంచి కొంటే సింగపూర్, జర్మనీ రెండూ సభ్యదేశాలు కాబట్టి ఒప్పందం నేరుగా వర్తిస్తుంది. చూసేది వ్యాపారస్థలాన్ని, యజమాని పాస్‌పోర్టును కాదు.

• ఒప్పందం వర్తిస్తే, పెట్టె విప్పిన రోజే మెషీన్ నడిపి చూడండి. స్పిండిల్ అదిరితే ఏ వేగం దగ్గర ఎంత అదురుతోందో రాసి వెంటనే ఈమెయిల్ పెట్టండి. ‘సరిగా లేదు’ అంటే సరిపోదు. లోపం తెలిసాక సమంజసమైన గడువులో చెప్పకపోతే హక్కు పోతుంది. వేరే గ్యారంటీ గడువు లేకపోతే, దాగి ఉన్న లోపానికైనా మెషీన్ చేతికొచ్చిన రోజు నుంచి 2 ఏళ్లే.