ఇంటర్వ్యూ ఇంగ్లీషు – మూడో పాఠం: ఒకే 30 సెకన్లు, ఆరు రోజులు

గత పాఠంలో మీరు మీ వయసుకు, మీరు వెతుకుతున్న ఉద్యోగానికి దగ్గరగా ఉండే ఒక వ్యక్తి తన పని గురించి ఇంగ్లీషులో చెప్పుకొంటున్న రికార్డింగును ఎంచుకుని, అందులో నుంచి 30 సెకన్ల భాగాన్ని గుర్తించి పెట్టుకున్నారు. ఈ వారం మొత్తం షాడోయింగ్ అనే అభ్యాసం చేస్తూ ఆ 30 సెకన్లతోనే గడుపుతాము. రోజుకొక కొత్త వీడియో పట్టుకోవాలన్న కోరిక కలుగుతుంది, కాని దానికి లొంగవద్దు. కొత్త భాగం ప్రతిసారీ అర్థం వైపు లాగుతుంది. మనకు కావలసింది అర్థం తెలిసిపోయిన తరువాత చెవికి వినిపించే ధ్వని.

షాడోయింగ్ అంటే వినిపిస్తున్న మాట వెంటే, అది ఆగేదాకా వేచి ఉండకుండా, అర సెకను వెనకగా నీడలా పలుకుతూ పోవడం. వాక్యం పూర్తయ్యాక ఆపి తిరిగి చెప్పడం వేరే అభ్యాసం. అక్కడ మనం గుర్తున్న మాటలను మన యాసలోనే చెప్పేస్తాము. నీడలా పలికేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లో ప్రచురించిన ప్రయోగాలలో రెండు చెవులకు రెండు వేర్వేరు సందేశాలు వినిపించి, ఒక చెవిలోని మాటలను వెంటవెంటనే పలకమని అడిగాడు. అలా పలికినవారికి రెండో చెవిలో ఏ మాటలు వచ్చాయో దాదాపు ఏమీ తెలియలేదు. అంటే ఈ పని మన ధ్యాసను పూర్తిగా తీసుకుంటుంది. అందువల్ల బండి నడుపుతూనో, వంట చేస్తూనో దీనిని చేయవద్దని నేను గట్టిగా చెబుతాను.

రోజుకు 20 నిమిషాలు చాలు, కాని దానిని ఉదయం 12 నిమిషాలు, రాత్రి 8 నిమిషాలుగా విడదీయండి. అమీర్‌పేట హాస్టల్ గదుల్లో నలుగురి మధ్య ఉంటున్నవారికి పెద్ద ఇబ్బంది గొంతు విప్పే చోటు దొరకకపోవడం. ఉదయం బట్టలు ఆరవేయడానికి మేడమీదికి వెళ్ళే అలవాటు ఉంటే, బట్టలు ఆరవేయడం పూర్తయిన వెంటనే అక్కడే 12 నిమిషాలు నిలబడండి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. రెండో చెవి మీ గొంతును వినాలి. గొంతు మరీ పెంచితే అసలు రికార్డింగు మునిగిపోతుంది కాబట్టి పక్కనున్న మనిషితో మాట్లాడే స్థాయిలోనే పలకండి.

మొదటి రోజు నోరు విప్పే పని లేదు. కాగితం తీసుకుని ఆ భాగాన్ని ఎన్నిసార్లయినా విని, వినిపించినదానిని వినిపించినట్టు రాసుకోవాలి. తరువాత మాత్రమే ఆ మాటల అసలు రాతప్రతితో పోల్చుకోవాలి. యూట్యూబులో యంత్రం తయారుచేసిన ఉపశీర్షికలు తప్పులు చూపించవచ్చు కాబట్టి వక్త స్వయంగా రాతప్రతి ఇచ్చిన భాగమే మేలు.

తెనాలి నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న ఒక బీకాం విద్యార్థిని కాగితం నాకు ఇప్పటికీ గుర్తుంది. రికార్డింగులోని వాక్యం ఇది: 'ఐ వర్క్‌డ్ యాజ్ ఎ సేల్స్ అసిస్టెంట్ ఫర్ టూ ఇయర్స్, అండ్ ఐ లుక్‌డ్ ఆఫ్టర్ అబౌట్ ఎ హండ్రెడ్ కస్టమర్స్ ఎ వీక్.' ఆమె రాసుకున్నది: 'ఐ వర్క్ సేల్స్ అసిస్టెంట్ టూ ఇయర్స్, ఐ లుక్ ఆఫ్టర్ హండ్రెడ్ కస్టమర్స్ వీక్.' 19 మాటల్లో ఏడు చిన్న మాటలు జారిపోయాయి, రెండు క్రియల చివరి ధ్వని పోయింది. అర్థం మాత్రం ఆమెకు పూర్తిగా తెలుసు. తన గురించి తాను చెప్పుకున్న రికార్డింగును విన్నప్పుడు అసలు సంగతి బయటపడింది: అక్కడ కూడా ఆమె ఇవే చిన్న మాటలను వదిలేస్తోంది. వ్యాకరణ పరీక్షలో అవే ఖాళీలను తప్పులేకుండా నింపగలదు. చెవి పట్టుకోని మాట నోటికి రాలేదు, అంతే. మీ కాగితం మీద కూడా జారిపోయిన మాటల చుట్టూ సున్నా చుట్టండి. ఈ వారం మీ పాఠ్యప్రణాళిక ఆ సున్నాలే.

అవి ఎందుకు వినిపించవు? తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానమైన స్పష్టతతో పలుకుతాము. అందుకే బస్ మన నోట బస్సయింది, రోడ్ రోడ్డయింది. ఇంగ్లీషు వాక్యంలో అలా కాదు: విషయం మోసే మాటలు బరువుగా, పొడుగ్గా ఉంటాయి, వాటి మధ్య ఉన్న చిన్న మాటలు నలిగి కురచబడతాయి. పై వాక్యంలో వర్క్‌డ్, సేల్స్, అసిస్టెంట్, టూ, ఇయర్స్, లుక్‌డ్, ఆఫ్టర్, హండ్రెడ్, కస్టమర్స్, వీక్ అనే పది మాటలు మోస్తాయి, మిగిలిన తొమ్మిదీ నలుగుతాయి. 'ఎ' అన్నది పుస్తకంలో 'ఏ'లా కనిపించినా అక్కడ చిన్న 'అ' మాత్రమే. 'ఫర్' కూడా సగం మింగిన 'ఫ'. మన చెవి పూర్తి అక్షరం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి ఈ సగం అక్షరాన్ని మాటగా లెక్కలోకి తీసుకోదు.

ఇక్కడ తెలుగువారికి ఒక సాయం ఉంది, దానిని చాలామంది వాడుకోరు. 'వాడు ఎక్కడ' అని మనం మాట్లాడేటప్పుడు విడదీసి పలకము, 'వాడెక్కడ' అంటాము. సంధి మన నోటికి పుట్టుకతో వచ్చింది. ఇంగ్లీషులో లోపించవలసిన అచ్చు ఉండదు, కాని హల్లు వెనక అచ్చు వస్తే రెండూ అలాగే కలిసిపోతాయి. 'వర్క్‌డ్ యాజ్ ఎ' అన్నది 'వర్క్‌టజ' అవుతుంది, 'లుక్‌డ్ ఆఫ్టర్' అన్నది 'లుక్‌టాఫ్టర్' అవుతుంది. జాగ్రత్తగా మాట్లాడాలనుకునే మనిషి ఈ మాటలను విడదీస్తాడు, విడదీసినచోటల్లా నిలబడడానికి ఒక 'ఉ' చేరుస్తాడు: 'వర్క్‌డు, యాజు, ఏ'. తొందరగా మాట్లాడితే తడబాటు పోతుందనుకుని వేగం పెంచేవారు ఈ అదనపు అచ్చులను కూడా వేగంగా పలుకుతారు, అంతకుమించి మార్పేమీ ఉండదు.

భూతకాలపు క్రియల చివర 'వర్కెడ్', 'హెల్పెడ్' అని మనం చేర్చే అక్షరం కూడా ఇంటర్వ్యూలో బాగా బయటపడుతుంది, ఎందుకంటే అనుభవం గురించి చెప్పే వాక్యాలు చాలావరకు భూతకాలంలోనే నడుస్తాయి. దీనిని మన బడి వ్యాకరణంతోనే గుర్తుపెట్టుకోవచ్చు. క్రియ చివర క, చ, ప వంటి పరుషాలు గాని స, ష, ఫ గాని వినిపిస్తే చివర 'ట్' వస్తుంది: వర్క్‌ట్, హెల్ప్‌ట్. గ, జ, బ వంటి సరళాలు గాని న, మ, ల, అచ్చులు గాని ఉంటే 'డ్' వస్తుంది: మేనేజ్‌డ్, లెర్న్‌డ్. క్రియే ట లేదా డ ధ్వనితో ముగిస్తే మాత్రం నిజంగా ఒక అక్షరం పెరుగుతుంది: కంప్లీటిడ్, నీడిడ్.

రెండో రోజు ఆ రాతప్రతిని ఎదుట పెట్టుకుని, బరువైన మాటల కింద గీత గీసి, కలిసిపోయే చోట్ల వంతెనలా చిన్న గీత కలిపి, రికార్డింగుతో పాటు గొణుగుతూ పలకండి. వేగం అందకపోతే Playback speed లో 0.75 ఎంచుకోండి, కాని ఆ సాయం ఈ ఒక్కరోజుకే పరిమితం చేయండి. నెమ్మదించిన ధ్వనిలో బరువుల తేడా సాగిపోయి కనిపిస్తుంది. మూడు, నాలుగు రోజుల్లో కాగితం బోర్లించి మామూలు వేగంతో, ఉదయం పది సార్లు, రాత్రి ఆరు సార్లు పలకాలి. మధ్యలో ఒక మాట తప్పితే ఆగవద్దు, వెనక్కి పోవద్దు. తరువాతి బరువైన మాట దగ్గర మళ్ళీ అందుకోండి.

తెనాలి అమ్మాయి మూడో రోజున వచ్చి, "మేడమ్, ఆవిడ 'హండ్రెడ్' అనేసరికి నేనింకా 'అబౌట్' దగ్గరే ఉంటున్నానండీ" అంది. పలికించి చూశాను. 'ఆఫ్టరు', 'అబౌటు' అని రెండు 'ఉ'లు చేర్చి అక్కడే వెనకబడుతోంది. 'లుక్‌టాఫ్టరబౌట' అని ఒకే పదంగా నాలుగుసార్లు విడిగా పలికించాక వాక్యం సరిగ్గా అందింది. మీరు కూడా ఎప్పుడూ ఒకేచోట వెనకబడుతుంటే మొత్తం భాగాన్ని తిరగతోడవద్దు. ఆ నాలుగు మాటలను మాత్రం బయటికి తీయండి.

ఐదో రోజు మీ గొంతును ఫోనులో రికార్డు చేసి, ఇంగ్లీషు తెలిసిన మరొకరికి వినిపించి, విన్నది రాయమనండి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే పట్టుబడుతుంది: లయ చక్కగా ఉంటుంది, హల్లులు ఉండవు, పాట కూనిరాగంలా సాగిపోతుంది. రాసినవారి కాగితంలో బరువైన మాటలే తప్పుగా వస్తే మీరు కూనిరాగంలో పడ్డారని అర్థం. అప్పుడు పెదవులు, నాలుక గట్టిగా కదిలిస్తూ నెమ్మదిగా రెండుసార్లు చదివి, తరువాత నీడ అభ్యాసానికి రండి. చిన్న మాటలు మాత్రమే తప్పిపోతే కంగారు అక్కరలేదు. మనల్ని ఇంటర్వ్యూ చేసేవారు చాలావరకు భారతీయులే, వారి ఇంగ్లీషులోనూ చిన్న మాటలు అంతగా నలగవు. అందుకే మొదటి నెల స్పష్టంగా మాట్లాడే భారతీయ వక్తనే ఎంచుకోండి. విదేశీ యాసను అరువు తెచ్చుకున్న గొంతు రెండో ప్రశ్నకే జారిపోతుంది.

ఆరో రోజు రికార్డింగు ఆపేసి, అదే వాక్యపు మూసలో మీ వివరాలు పోయాలి. ఆ అమ్మాయి ఒక రైసు మిల్లులో ఏడాదిపాటు లెక్కలు చూసింది. ఆమె వాక్యం ఇలా తయారైంది: 'ఐ వర్క్‌డ్ యాజ్ ఎన్ అకౌంట్స్ అసిస్టెంట్ ఫర్ ఎ ఇయర్, అండ్ ఐ లుక్‌డ్ ఆఫ్టర్ అబౌట్ ఫార్టీ బిల్స్ ఎ డే.' అచ్చుకు ముందు 'ఎ' కాస్తా 'ఎన్' కావడం, 'ఎన్ అకౌంట్స్' కలిసి 'అనకౌంట్స్' కావడం ఆమె నోటికి తానే వచ్చాయి. ఈ వాక్యం కట్టేముందు మిల్లులో రోజుకు ఎన్ని బిల్లులని అడిగినప్పుడు మాత్రం తడుముకుంది. షాడోయింగ్ హద్దు అదే: అది నోటిని సిద్ధం చేస్తుంది గాని, చెప్పవలసిన విషయాన్ని వెతికిపెట్టదు.

అందుకే రాత్రి 8 నిమిషాల్లో చివరి రెండు నిమిషాలను, ఆ రోజు మీరు చేసిన పనులను భూతకాలంలో బయటికి చెప్పుకోవడానికి కేటాయించండి. వాక్యాలు నాలుగైదే వచ్చినా సరే, ప్రతి క్రియ చివర 'ట్', 'డ్', 'ఇడ్' లలో ఏది పలికారో వింటూ చెప్పండి. వచ్చే పాఠంలో 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు 60 సెకన్ల జవాబు కట్టుకుంటాము. దానికి మొదటి రోజు కాగితం, ఐదో రోజు రికార్డింగు, ఆరో రోజు వాక్యం దగ్గర ఉంచుకోండి.