థామ్సన్ ప్రయోగంలో నన్ను తప్పుదోవ పట్టించిన 15 డిగ్రీలు

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు ఎలక్ట్రాన్ ఆవేశానికీ ద్రవ్యరాశికీ గల నిష్పత్తిని కొలిస్తే నాకు 3.2 × 10¹¹ కూలుంబ్/కి.గ్రా. వచ్చింది, రావలసినది 1.76 × 10¹¹. ఆనోడ్‌కు 1000 వోల్టులిచ్చి, కాథోడ్ కిరణ గొట్టానికి ఇరువైపులా ఉంచిన దండాయస్కాంతాల వల్ల తెర మీద పైకి జరిగిన ఎలక్ట్రాన్ పుంజపు చుక్కను, 1.5 సెం.మీ. ఎడం గల పలకల మీద 13.5 వోల్టులతో మళ్లీ తొలి స్థానానికి తెచ్చాను. చుక్క కచ్చితంగానే నిలిచింది కనుక, పలకల మధ్య విద్యుత్ క్షేత్రం E, ఆనోడ్ వోల్టేజీ V గల e/m = E²/(2VB²) సూత్రంలో వర్గమై కూర్చున్న అయస్కాంత క్షేత్రం B మీద అనుమానం కలిగింది.

ఆ B కోసం గొట్టం తీసి, అదే చోట దిక్సూచి పెట్టి, సూది తిరిగిన కోణం θ తో B = H tan θ అని లెక్కిస్తాము; H అంటే భూక్షేత్రపు క్షితిజ సమాంతర భాగం, మా ప్రాంతంలో సుమారు 0.04 మిల్లీటెస్లా. నేను బద్ధకించి ఒకవైపు చూపిన 41.5 డిగ్రీలతోనే సరిపెట్టుకున్నాను. ధ్రువాలు తారుమారు చేసి చూస్తే సూది రెండో వైపు 59 డిగ్రీలు తిరిగింది.

అయస్కాంతాల క్షేత్రం H కు లంబంగా ఉంటేనే ఆ సూత్రం చెల్లుతుంది, అంటే గొట్టం ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. బల్ల జరిగి గొట్టం సుమారు 15 డిగ్రీలు పక్కకు తిరిగింది; దిక్సూచి స్కేలునే సూది కిందికి తిప్పి సున్నా చేసుకోవడంతో ఆ తేడా నా కంటపడలేదు.

అయస్కాంతాలను దూరం పెట్టి, సూది వెంబడి బల్ల మీద సుద్దగీత గీసి, స్టాండు మొత్తాన్ని దానికి సరిగ్గా తిప్పి, చుక్క తొలి స్థానాన్ని మళ్లీ గుర్తించాను. ఈసారి కోణాలు 50, 51 డిగ్రీలు. పలకల వోల్టేజీ మారలేదు, ఫలితం 1.72 × 10¹¹.