50 కిలోడాల్టన్ల దగ్గర చక్కటి బ్యాండ్ వచ్చిందా? ప్రైమరీ వేయని స్ట్రిప్ ఏదీ?

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల నుంచి, పీహెచ్‌డీ పిల్లల నుంచి వెస్టర్న్ బ్లాట్ ఫొటోలు వస్తూనే ఉంటాయి. "సార్, ఇది సరిగ్గా వచ్చిందా?" అంటారు. నేను రెండే అడుగుతాను. పాన్సో వేశారా? ప్రైమరీ వేయని స్ట్రిప్ ఉందా? చాలామంది దగ్గర రెండూ ఉండవు. జెల్ పోయడం, ట్రాన్స్‌ఫర్ పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: బ్యాండ్ అసలు రాలేదు

యాంటీబాడీ కంపెనీని తిట్టే ముందు పాన్సో చూడండి. బ్లాకింగ్‌కి ముందే మెంబ్రేన్‌ను పాన్సో-ఎస్‌లో కొన్ని నిమిషాలు ఉంచి నీళ్లతో కడిగితే, ప్రోటీన్ ఉన్నచోట గులాబీ గీతలు కనిపిస్తాయి. అవి లేకపోతే ప్రోటీన్ మెంబ్రేన్ మీదికి రాలేదు. సాండ్‌విచ్ తిరగబడి ఉంటుంది, లేదా పీవీడీఎఫ్‌ను మిథనాల్‌లో తడపడం మరిచి ఉంటారు. గులాబీ గీతలు బాగానే ఉండి సిగ్నల్ మాత్రం సున్నా అయితే తప్పు యాంటీబాడీల వైపు ఉంది. సెకండరీ కలిపిన బఫర్‌లో సోడియం అజైడ్ ఉందేమో చూడండి, అది హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ పని ఆపేస్తుంది.

సమస్య: మెంబ్రేన్ అంతా నల్లగా ఉంది

సెకండరీ ఇంకా పలచన చేయండి, వాష్‌లు పెంచండి. బ్యాండ్ నడుమ తెల్లగా బోలుగా ఉంటే అక్కడ హెచ్‌ఆర్‌పీ మరీ ఎక్కువై సబ్‌స్ట్రేట్‌ను ముందే తినేసింది. గుండ్రటి తెల్ల మచ్చలు గాలి బుడగలు. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

సమస్య: బ్యాండ్ అందంగా ఉంది, అనుకున్న సైజులోనే ఉంది, కానీ మీ ప్రోటీన్ కాదు

మనుషుల్ని ముంచేది ఇదే. మన వైపు తరచుగా జరిగే ప్రయోగాన్నే తీసుకుందాం. విస్టార్ ఎలుకలకు పారాసెటమాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి లివర్ దెబ్బతీస్తారు. ఒక గ్రూపుకి ఏదో ఆకు ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తారు. లివర్ లైసేట్‌లో పీ53 ఎంతుందో బ్లాట్‌లో చూస్తారు. ప్రైమరీ మౌస్ మోనోక్లోనల్, సెకండరీ గోట్ యాంటీ-మౌస్ హెచ్‌ఆర్‌పీ. ఒక అమ్మాయి తెచ్చిన ఫొటోలో కంట్రోల్‌లో బ్యాండ్ సన్నగా, పారాసెటమాల్ గ్రూపులో దట్టంగా, ఎక్స్‌ట్రాక్ట్ గ్రూపులో మధ్యస్థంగా ఉంది. కింద యాక్టిన్ అన్ని లేన్లలో సమానం. థీసిస్‌లో పెట్టేసుకునేంత ముచ్చటగా ఉంది. ఆ ముచ్చట చూసే నాకు అనుమానం వచ్చింది.

ఆ బ్యాండ్ దేనిదై ఉండొచ్చో తెలియాలంటే జెల్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఎస్‌డీఎస్ ప్రోటీన్ మడతలు విప్పేసి దాని పొడవునా అంటుకుంటుంది. ఒక గ్రాము ప్రోటీన్‌కి సుమారు 1.4 గ్రాముల ఎస్‌డీఎస్ పడుతుంది. దాంతో ప్రతి ప్రోటీన్‌కీ తన బరువుకు తగ్గ నెగటివ్ చార్జ్ వస్తుంది, సొంత చార్జ్‌కి లెక్క ఉండదు. ఇక తేడా తెచ్చేది అక్రిలమైడ్ వలే. పండగ ముందురోజు బీసెంట్ రోడ్డు గుంపులో చిన్నపిల్లలు సందుల్లోంచి దూరిపోయి పెద్దవాళ్లు వెనకబడ్డట్టు, చిన్న ప్రోటీన్ కిందికి, పెద్దది పైన. కాబట్టి జెల్ చెప్పేది సైజు ఒక్కటే, పేరు కాదు. పైగా ఆ సైజు కూడా అంచనాయే. మనిషి పీ53 లెక్క ప్రకారం సుమారు 44 కిలోడాల్టన్లు, జెల్ మీద మాత్రం 53 దగ్గర ఆగుతుంది. పేరు చెప్పాల్సింది ప్రైమరీ యాంటీబాడీ. కానీ మీ కంటికి కనిపించే వెలుగు ప్రైమరీది కాదు, సెకండరీది. సెకండరీకి పీ53 ఏమిటో తెలియదు, మౌస్ ఐజీజీ ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకుంటుంది.

"సార్, మాది మౌస్ కాదు కదా, ర్యాట్ కదా" అంది ఆ అమ్మాయి. అందరూ అనేదే.

"నీకు తేడా తెలుసమ్మా, సెకండరీకి తెలియదుగా" అన్నాను.

మౌస్, ర్యాట్ రెండూ దగ్గరి చుట్టాలు. వాటి ఐజీజీలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ప్రత్యేకంగా శుద్ధి చేయని యాంటీ-మౌస్ సెకండరీ ర్యాట్ ఐజీజీనీ పట్టుకుంటుంది. లివర్ నిండా రక్తం, రక్తం నిండా ఐజీజీ. ఐజీజీ మొత్తం 150 కిలోడాల్టన్లు. శాంపుల్ బఫర్‌లోని మెర్కాప్టోఇథనాల్ డైసల్ఫైడ్ బంధాలు తెంచగానే అది 50 దగ్గర హెవీ చెయిన్‌గా, 25 దగ్గర లైట్ చెయిన్‌గా విడిపోతుంది. పది శాతం అక్రిలమైడ్ జెల్ మీద 50కీ 53కీ తేడా కంటితో తేల్చేది కాదు.

మరి గ్రూపుల మధ్య ఆ మెట్లు ఎలా వచ్చాయి? పారాసెటమాల్‌తో దెబ్బతిన్న లివర్‌లో రక్తం చేరుతుంది, అక్కడక్కడా చిమ్ముతుంది. మందు పనిచేసిన గ్రూపులో అది తక్కువ. అంటే ఆ బ్యాండ్ పీ53ని కాదు, ముక్కలో మిగిలిన రక్తాన్ని కొలుస్తోంది. యాక్టిన్ సమానంగా ఉండటం దీన్ని పట్టివ్వదు. 25 దగ్గరి బ్యాండ్ పట్టించేదే, కానీ యాంటీబాడీ ఆదా చేయడానికి మెంబ్రేన్‌ను 35 దగ్గర కోసి కింది ముక్క పారేశారు.

తేల్చుకోవడం ఎలా

అదే లైసేట్లను మరో మెంబ్రేన్ మీదికి ఎక్కించి, ప్రైమరీ బదులు వట్టి బ్లాకింగ్ బఫర్ పోయండి. సెకండరీ అదే పలచన, ఎక్స్‌పోజర్ అదే సమయం. సమయం మారితే ఈ పరీక్షకు విలువ లేదు. మెంబ్రేన్ కోయకండి. ఆ అమ్మాయి చేసినప్పుడు 50 దగ్గర అవే మెట్లు వచ్చాయి, 25 దగ్గర ఇంకో వరుస కూడా.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక శాంపుల్‌ను మెర్కాప్టోఇథనాల్ లేకుండా వేయండి. 50 బ్యాండ్ మాయమై 150 దగ్గర తేలితే అది ఐజీజీయే. ఆ లేన్‌కీ మామూలు లేన్లకీ మధ్య రెండు లేన్లు ఖాళీగా వదలండి, లేకపోతే పక్క లేన్లోని మెర్కాప్టోఇథనాల్ పాకి వస్తుంది. మే నెల ఎండలో బల్ల మీద మూత వదులుగా పడి ఉన్న పాత శాంపుల్ బఫర్‌తో ఈ పరీక్ష చేయొద్దు. అందులో మెర్కాప్టోఇథనాల్ అప్పటికే బలం తగ్గి ఉంటుంది, ఐజీజీ సగం సగం విడిపోయి మధ్యలో నాలుగైదు బ్యాండ్లు చూపిస్తుంది.

పరిష్కారం

ర్యాబిట్‌లో తయారైన పీ53 ప్రైమరీ, దానికి యాంటీ-ర్యాబిట్ సెకండరీ. ర్యాట్ టిష్యూకి ఇదే తేలిక. ఆ సెకండరీ కూడా ర్యాట్ ఐజీజీని పట్టుకోకుండా శుద్ధి చేసినదై ఉండాలి. మౌస్ ప్రైమరీయే వాడక తప్పకపోతే అలా శుద్ధి చేసిన యాంటీ-మౌస్ సెకండరీ కొనండి, సిగ్నల్ కాస్త తగ్గుతుంది. ఏది కొన్నా ప్రైమరీ లేని స్ట్రిప్ మళ్లీ పెట్టాల్సిందే. ఎలుకలను ఇంకా కోయకపోతే, లివర్ తీసే ముందు పోర్టల్ వెయిన్ ద్వారా చల్లటి నార్మల్ సెలైన్ పంపి, లివర్ పాలిపోయేదాకా కడగండి. దెబ్బతిన్న లివర్ మాత్రం పూర్తిగా పాలిపోదు, అందుకే కడగడం ఒక్కటే నమ్ముకోవద్దు.

ఇమ్యునోప్రెసిపిటేషన్ చేసేవాళ్లకు ఇదే తంటా ఇంకా పెద్దది, ఎందుకంటే ఐజీజీని పోసింది వాళ్లే. టార్గెట్ 50 దగ్గర ఉంటే లైట్ చెయిన్‌ను మాత్రమే పట్టే సెకండరీ వాడితే సరి.

ఆ అమ్మాయి ర్యాబిట్ ప్రైమరీతో మళ్లీ చేసింది. 53 దగ్గర మూడు గ్రూపుల్లోనూ దాదాపు ఒకేలా సన్నటి బ్యాండ్ వచ్చింది, ప్రైమరీ లేని స్ట్రిప్ ఖాళీ. పీ53 బొమ్మ థీసిస్ నుంచి తీసేసి, లివర్ ఎంజైముల ఫలితాలతో ఆ అధ్యాయం రాసుకుంటోంది.